బాణం తోక ఎక్కడుంది?

ఆదివారం రాత్రి పదిన్నరకు అక్క ఫోన్ నుంచి ఒక ఫొటో వచ్చింది. పంపింది అక్క కాదు, నా మేనకోడలు. ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది. హాస్టల్లో ఫోన్ ఉండనివ్వరు కాబట్టి ఇంటికొచ్చిన రోజు వాళ్లమ్మ ఫోన్ దానిదే. ఫొటోలో నలిగిన ప్రాక్టీసు పేపరు, దాని మీద కర్బన రసాయనశాస్త్రం ప్రశ్న ఒకటి. ఎడమవైపు ఒక వంకరటింకర గీత, ఒక మూల మీద OH. మధ్యలో కుడివైపుకు బాణం. బాణం మీద రాసినదాంట్లో సగం ఫోన్ నీడలో కలిసిపోయి 'Br' మాత్రం కనిపిస్తోంది. కింద నాలుగు ఆప్షన్లు. ఒకటో ఆప్షన్ చుట్టూ పెన్సిల్‌తో సున్నా, దాని పక్కన ఎర్ర ఇంకుతో ఇంటూ.

వెంటనే ఫోన్ మోగింది.

"మావయ్యా, OH తీసేసి అక్కడ Br పెట్టాను. ప్రతిక్షేపణ చర్య అంటే అదే కదా? కీలో మాత్రం రెండోది అని ఇచ్చారు. కీ తప్పా?"

"ముందు బాణం మీద Br కి ముందు ఏముందో చెప్పు. H ఉందా, P ఉందా?"

"HBr. అయినా ఏదుంటే ఏంటి, రెండింట్లోనూ ఉన్నది బ్రోమినే కదా?"

ఆ రాత్రి మేమిద్దరం అరగంట మాట్లాడుకున్నది ఆ చివరి ప్రశ్న గురించే.

ముందు బొమ్మను చదవాలి. ఇలాంటి గీతల బొమ్మల్లో కార్బన్‌కి C అని రాయరు. గీత మొదలైన చోట ఒక కార్బన్, వంగిన ప్రతి మూలలో ఒక కార్బన్, ఆగిన చోట ఒక కార్బన్. ప్రతి కార్బన్‌కీ మొత్తం నాలుగు బంధాలు ఉండాలి కాబట్టి, కనిపించే గీతలు పోగా మిగిలినవన్నీ హైడ్రోజన్లే. అలా విప్పి రాస్తే ఫొటోలోని పదార్థం ఇది:

CH₃–CH(OH)–CH(CH₃)₂

దీని పేరు 3-మిథైల్‌బ్యూటన్-2-ఓల్. రెండో కార్బన్ మీద OH ఉంది. దాని పక్కనున్న మూడో కార్బన్ మీద ఒక మిథైల్ కొమ్మ, ఒక హైడ్రోజన్ ఉన్నాయి. గీతల బొమ్మలో ఆ హైడ్రోజన్ అసలు కనిపించదు. కథంతా నడిపేది మాత్రం అదే.

మా అమ్మాయి సున్నా చుట్టిన ఒకటో ఆప్షన్ 2-బ్రోమో-3-మిథైల్‌బ్యూటేన్, అంటే OH ఉన్నచోటే బ్రోమిన్ వచ్చి కూర్చున్నది. కీలో ఇచ్చిన రెండోది 2-బ్రోమో-2-మిథైల్‌బ్యూటేన్, అంటే బ్రోమిన్ పక్క కార్బన్ మీదికి, కొమ్మ ఉన్నచోటికి చేరినది. రెండింటికీ ఫార్ములా C₅H₁₁Br. పరమాణువులు లెక్కపెడితే రెండూ సరిగ్గానే సరిపోతాయి. సమీకరణం తూచి తప్పు పట్టుకోవడం ఇక్కడ కుదరదు. చర్య ఏ దారిన నడిచిందో అడుగడుగునా చూస్తే తప్ప తేడా బయటపడదు.

ఆ దారిని కాగితం మీద చూపడానికి రసాయనశాస్త్రవేత్తలు వంపు బాణాలు వాడతారు. ఎలక్ట్రాన్ల కదలికను ఇలా వంపు బాణాలతో చూపడం బ్రిటన్‌లో కెర్మాక్, రాబర్ట్ రాబిన్‌సన్ కలిసి 1922లో ప్రచురించిన పత్రంతో మొదలైంది. నూరేళ్లు దాటినా పద్ధతి పెద్దగా మారలేదు. నియమం ఒక్కటే: బాణం చూపేది ఎలక్ట్రాన్ల ప్రయాణాన్ని, పరమాణువుల ప్రయాణాన్ని కాదు. బాణం తోక ఎలక్ట్రాన్ జంట ఇప్పుడు ఉన్నచోట ఉంటుంది, మొన అది వెళ్లబోయే చోట ఉంటుంది. జంట ఉండగలిగే చోట్లు రెండే: ఒక పరమాణువు మీద ఒంటరి జంటగా, లేదా రెండు పరమాణువుల మధ్య బంధంగా. కాబట్టి తోక కూడా ఆ రెండింటిలో ఒకదాని మీదే పెట్టాలి. ధనావేశం మీద తోక పెట్టడమంటే ఖాళీ జేబులోంచి డబ్బు తీసి ఇవ్వడమే.

పేపర్లు దిద్దిన రోజుల్లో నేను ఎక్కువగా చూసిన తప్పు ఇదే. H⁺ నుంచి ఆక్సిజన్ వైపు బాణం గీస్తారు. "ప్రోటాన్ వెళ్లి ఆక్సిజన్‌కి అంటుకుంటుంది" అని మనం మాటల్లో చెప్పుకుంటాం కాబట్టి చెయ్యి కూడా అటే పోతుంది. కానీ ప్రోటాన్ దగ్గర ఇవ్వడానికి ఒక్క ఎలక్ట్రాన్ కూడా లేదు. ఇచ్చేది ఆక్సిజన్, పుచ్చుకునేది ప్రోటాన్. బాణం ఆక్సిజన్ దగ్గరే మొదలవ్వాలి.

ఇక మొదటి అడుగు. ఆక్సిజన్ మీద రెండు ఒంటరి జంటలున్నాయి. అందులో ఒక జంట నుంచి HBr లోని హైడ్రోజన్ మీదికి ఒక బాణం. హైడ్రోజన్ రెండు బంధాలు మోయలేదు కాబట్టి H–Br బంధం మధ్య నుంచి బ్రోమిన్ మీదికి రెండో బాణం. ఫలితంగా OH కాస్తా OH₂⁺ అయింది, బ్రోమిన్ Br⁻ గా విడిపోయింది. సీసాలో ఉండే 48 శాతం హైడ్రోబ్రోమిక్ ఆమ్లంలో నిజానికి ప్రోటాన్‌ని మోసేది H₃O⁺. అయినా బాణాల లెక్క అదే.

ఈ అడుగు ఎందుకు? OH ని నేరుగా తోసెయ్యొచ్చు కదా? కుదరదు. OH తనంతట తాను పోవాలంటే బంధంలోని రెండు ఎలక్ట్రాన్లూ తీసుకుని OH⁻ గా పోవాలి. అది బలమైన క్షారం. అంత ఋణావేశాన్ని మోస్తూ బయట ఉండటం దానికి ఇష్టం లేదు. అదే ప్రోటాన్ తగిలాక పోవాల్సి వస్తే మామూలు నీటి అణువుగా పోతుంది. నీళ్లుగా బయటపడటానికి ఏ అభ్యంతరమూ లేదు. అందుకే సోడియం బ్రోమైడ్ ఒక్కటే ఆల్కహాల్‌లో కలిపి ఎంతసేపు ఉంచినా ఈ చర్య జరగదు. అందులో బ్రోమైడ్ ఉంది, కానీ OH ని నీళ్లుగా మార్చే ఆమ్లం లేదు. దానికి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కూడా చేరిస్తే అప్పుడు కదులుతుంది.

రెండో అడుగులో ఒకటే బాణం. తోక C–O బంధం మధ్యలో, మొన ఆక్సిజన్ మీద. నీళ్లు తన ఎలక్ట్రాన్ జంటతో బయటికి వెళ్లిపోయాయి. రెండో కార్బన్ చుట్టూ ఎనిమిది ఉండాల్సిన ఎలక్ట్రాన్లు ఆరే మిగిలాయి. దాని మీద ధనావేశం:

CH₃–CH⁺–CH(CH₃)₂

ధనావేశం మోసే ఇలాంటి కార్బన్‌నే కార్బోకాటయాన్ అంటారు. దీనికి రెండు కార్బన్లే అంటి ఉన్నాయి కాబట్టి ఇది సెకండరీ కార్బోకాటయాన్.

"ఇక్కడే కదా మావయ్యా నేను Br⁻ ని తెచ్చి పెట్టింది" అంది మేనకోడలు.

పెట్టొచ్చు. కొంతవరకు అదీ జరుగుతుంది. కానీ Br⁻ వచ్చి చేరేలోపే ఈ అయాన్‌కి చేతికందే దూరంలో ఇంకో మార్గం ఉంది.

మూడో అడుగు అదే. బొమ్మలో కనిపించని ఆ హైడ్రోజన్ ఇప్పుడు రంగంలోకి దిగుతుంది. మూడో కార్బన్‌కీ దానికీ మధ్యనున్న బంధం సరిగ్గా ధనావేశం పక్కనే ఉంది. ఆ C–H బంధం మధ్యలో బాణం తోక పెట్టి, మొనను ధనావేశం ఉన్న రెండో కార్బన్ మీద పెట్టాలి. హైడ్రోజన్ తన బంధంలోని రెండు ఎలక్ట్రాన్లనూ చంకనపెట్టుకుని పక్క కార్బన్‌కి మారిపోతుంది. రెండు ఎలక్ట్రాన్లతో కదిలే హైడ్రోజన్‌ని హైడ్రైడ్ అంటారు కాబట్టి దీని పేరు హైడ్రైడ్ షిఫ్ట్. రెండో కార్బన్ లోటు తీరింది, మూడో కార్బన్‌కి లోటు వచ్చింది:

CH₃–CH₂–C⁺(CH₃)₂

లోటు ఒకరి నుంచి ఇంకొకరికి మారితే లాభమేమిటి? మోసేవాళ్లు పెరిగారు, అదీ లాభం. ఇప్పుడు ధనావేశం ఉన్న కార్బన్‌కి మూడు కార్బన్లు అంటి ఉన్నాయి, అంటే ఇది టెర్షియరీ కార్బోకాటయాన్. పక్క కార్బన్ల మీదున్న C–H బంధాలు తమ ఎలక్ట్రాన్లను కొద్దికొద్దిగా ఇటు వంచి ధనావేశాన్ని పంచుకుంటాయి. ఇంటర్ పుస్తకంలో దీన్నే హైపర్ కాంజుగేషన్ అంటారు. లెక్కపెట్టి చూడండి. ముందటి అయాన్‌లో అలా చెయ్యి కలపగల హైడ్రోజన్లు ఒకవైపు మూడు, ఇంకోవైపు ఒకటి, మొత్తం నాలుగు. ఇప్పుడు రెండు మిథైల్‌లవి ఆరు, CH₂ వి రెండు, మొత్తం ఎనిమిది.

ఇక్కడ మా అమ్మాయి మంచి ప్రశ్న వేసింది. "మూడో కార్బన్ మీద మిథైల్‌లు కూడా ఉన్నాయి కదా, అవెందుకు కదలవు? హైడ్రోజనే ఎందుకు?"

"మిథైల్‌ని జరిపి చూడు, ఏమొస్తుందో" అన్నాను.

అవతల పెన్సిల్ చప్పుడు. కాసేపటికి, "అదే వచ్చింది మావయ్యా!" అంది.

నిజమే. మిథైల్ మూడో కార్బన్ నుంచి రెండో కార్బన్‌కి మారితే ధనావేశం మూడో కార్బన్ మీదికి వస్తుంది. కానీ ఆ కార్బన్‌కి మిగిలేది ఒక మిథైల్, ఒక హైడ్రోజన్, పక్కన రెండు మిథైల్‌ల కార్బన్. తిప్పి రాస్తే మొదట ఉన్న సెకండరీ అయానే. ఇంత శ్రమపడి బయల్దేరిన చోటికే వచ్చాం. హైడ్రోజన్ కదిలితేనే టెర్షియరీకి చేరతాం.

నాలుగో అడుగు సులువు. Br⁻ మీదున్న ఒక ఒంటరి జంట నుంచి ధనావేశం ఉన్న కార్బన్ మీదికి బాణం. బంధం ఏర్పడింది, ఆవేశాలు రెండూ తీరిపోయాయి:

CH₃–CH₂–CBr(CH₃)₂

ఇక పేరు పెట్టాలి. చాలామంది ఇక్కడ రెండోసారి పడతారు. బ్రోమిన్ చేరింది పాత మూడో కార్బన్ మీద కాబట్టి 3-బ్రోమో అని రాస్తారు. ఉత్పన్నానికి పేరు పెట్టేటప్పుడు పాత అంకెలు మరిచిపోయి మళ్లీ కొత్తగా లెక్కపెట్టాలి. అవతలి కొస నుంచి లెక్కిస్తే బ్రోమిన్, మిథైల్ రెండూ రెండో కార్బన్ మీదే ఉన్నాయి. అందుకే 2-బ్రోమో-2-మిథైల్‌బ్యూటేన్. కీ తప్పు కాదు.

ధనావేశపు అయాన్ ఒకటి మధ్యలో ఏర్పడి, దానికి తర్వాత న్యూక్లియోఫైల్ చేరే ఈ తరహా ప్రతిక్షేపణకు లండన్‌లో పనిచేసిన హ్యూస్, ఇంగోల్డ్ పెట్టిన పేరు ఎస్ఎన్1. అయాన్ మధ్యలో తన రూపు మార్చుకోవడం వల్లే ఇలాంటి వింత ఉత్పన్నాలు వస్తున్నాయని, ఎన్నో వేర్వేరు చర్యల వెనుక ఉన్నది ఈ ఒక్క కారణమేనని 1932లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఫ్రాంక్ విట్‌మోర్ వాదించాడు. అప్పట్లో ఇలాంటి సాదా ఆల్కైల్ కార్బోకాటయాన్‌ని ఎవరూ కళ్లారా చూసింది లేదు. అత్యంత బలమైన ఆమ్లాల్లో వాటిని చాలాసేపు నిలబెట్టి పరీక్షించి చూపించిన జార్జ్ ఓలాకు 1994లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఉత్పన్నం ఇదేనని ప్రయోగశాలలో ఎలా తేలుస్తారు? ఖరీదైన పరికరం లేకుండా కూడా ఒక పరీక్ష చెయ్యొచ్చు. ఆల్కహాల్‌లో కరిగించిన సిల్వర్ నైట్రేట్‌ని రెండు పరీక్షనాళికల్లో తీసుకోవాలి. ఒకదాంట్లో ఒకటో ఆప్షన్ పదార్థం, రెండోదాంట్లో రెండో ఆప్షన్ పదార్థం కొన్ని చుక్కలు వెయ్యాలి. టెర్షియరీ బ్రోమైడ్ పడిన నాళికలో అప్పటికప్పుడే లేత మీగడ రంగు అవక్షేపం ముద్దకడుతుంది. అది సిల్వర్ బ్రోమైడ్. సెకండరీ బ్రోమైడ్ ఉన్న నాళిక మాత్రం కాసేపు తేటగానే ఉంటుంది, నెమ్మదిగా మసకేస్తుంది, వెచ్చబెడితే తొందరపడుతుంది. ఎన్‌ఎంఆర్ పరికరం ఉంటే ఇంకా స్పష్టం. ఒకటో ఆప్షన్‌లో బ్రోమిన్ ఉన్న కార్బన్‌కే ఒక హైడ్రోజన్ కూడా ఉంటుంది, దాని గుర్తు నాలుగు దగ్గర విడిగా కనిపిస్తుంది. రెండో ఆప్షన్‌లో ఆ కార్బన్ మీద హైడ్రోజనే లేదు కాబట్టి ఆ చోటు ఖాళీ.

నిజం ఫ్లాస్కులో మాత్రం ఈ ఒక్క పదార్థమే ఉండదని కూడా చెప్పాను. కార్బోకాటయాన్ హైడ్రోజన్ని ప్రోటాన్‌గా వదిలేసి 2-మిథైల్‌బ్యూట్-2-ఈన్ అనే ఆల్కీన్ అవ్వగలదు. హైడ్రైడ్ కదలకముందే బ్రోమైడ్ తగిలిన అణువులు కొన్ని ఒకటో ఆప్షన్‌గానూ ఉండొచ్చు. ప్రశ్నలో అడిగేది ప్రధాన ఉత్పన్నాన్ని. బాణాల బొమ్మ కూడా వీడియో కాదు. నీళ్లు పూర్తిగా వెళ్లాకే హైడ్రైడ్ కదిలిందా, అవి వెళ్తుండగానే కదిలిందా అన్నది మన నాలుగు బొమ్మల్లో తెలియదు. ఎలక్ట్రాన్ల జమాఖర్చు సరిపోయిందా లేదా అన్నంతవరకే బాణాల పూచీ. ప్రతి అడుగులోనూ ఎడమవైపు మొత్తం ఆవేశం ఎంతో కుడివైపూ అంతే ఉండాలి. తేడా వచ్చిందంటే ఎక్కడో బాణం తోక జారినట్టే.

చివరికి మొదటి ప్రశ్నకు వచ్చాం. బాణం మీద నీడలో ఉన్నది H కాకుండా P అయి, అది PBr₃ అయివుంటే?

అప్పుడు ఆక్సిజన్ మీది ఒంటరి జంట వెళ్లేది ఫాస్ఫరస్ మీదికి. ఫాస్ఫరస్ నుంచి ఒక బ్రోమైడ్ ఊడి వస్తుంది. ఆక్సిజన్ ఇప్పుడు ఫాస్ఫరస్‌తో కలిసి బయటికి పోవడానికి సిద్ధంగా ఉంది. కానీ తనంతట తాను పోయి వెనక ధనావేశాన్ని వదలదు. Br⁻ వచ్చి కార్బన్‌ని వెనకవైపు నుంచి తాకుతుంటే, అదే క్షణంలో ముందువైపు నుంచి ఆక్సిజన్ బంధం తెగుతుంది. బాణాలు రెండు, అడుగు ఒకటే. దీన్నే ఎస్ఎన్2 అంటారు. మధ్యలో కార్బోకాటయాన్ ఏర్పడలేదు కాబట్టి పక్కింటి హైడ్రోజన్‌కి కదలాల్సిన పనే లేదు. చల్లగా ఉంచి చేస్తే ప్రధానంగా వచ్చేది 2-బ్రోమో-3-మిథైల్‌బ్యూటేన్, అంటే మా అమ్మాయి సున్నా చుట్టిన ఒకటో ఆప్షన్. పైగా బ్రోమిన్ వెనక నుంచి వచ్చింది కాబట్టి ఆ కార్బన్ చుట్టూ అమరిక గాలికి తిరగబడ్డ గొడుగులా తిరగబడుతుంది. ప్రశ్నలో OH ని ముదురు గీత మీద చూపిస్తే జవాబులో బ్రోమిన్‌ని చుక్కల గీత మీద చూపించాలి. HBr విషయంలో ఆ గొడవే లేదు. టెర్షియరీ ఉత్పన్నంలో ఒకే కార్బన్‌కి రెండు మిథైల్‌లు ఉన్నాయి కాబట్టి కుడి ఎడమల తేడాకే తావు లేదు.

"అంటే నా జవాబు తప్పు కాదన్నమాట, ప్రశ్న వేరే అన్నమాట" అంది.

"నీ జవాబుకు తగిన ప్రశ్న PBr₃ ది" అన్నాను.

పది నిమిషాల తర్వాత ఇంకో ఫొటో వచ్చింది. ఈసారి నీడ లేదు, పేపరు చదునుగా ఉంది, బాణం మీద HBr స్పష్టంగా కనిపిస్తోంది. పదార్థం 3,3-డైమిథైల్‌బ్యూటన్-2-ఓల్. దీంట్లో OH పక్క కార్బన్ మీద హైడ్రోజనే లేదు, మూడూ మిథైల్‌లే. కింద తను గీసిన బాణం C–CH₃ బంధం మధ్యలో మొదలై పక్కనున్న ధనావేశం మీద ఆగింది. జవాబు 2-బ్రోమో-2,3-డైమిథైల్‌బ్యూటేన్ అని రాసింది. అది సరైనదే.